మాట మారిస్తే సొమ్ము మారుతుందా

జగదల్‌పూర్‌లో నేను వెళ్ళే జిరాక్స్ కొట్టు అద్దం మీద హిందీలో ఒక కాగితం అతికించి ఉంటుంది. థీసిస్ టైపింగ్ చేయబడును, గోల్డెన్ బైండింగ్ చేయబడును, ప్లేజరిజం తగ్గించబడును. మూడో లైను చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తగ్గించడానికి అదేమైనా జ్వరమా, బీపీయా? దొంగతనాన్ని ఎవడైనా మానతాడు, లేదా చేస్తాడు. పేజీకి ఇంతని పుచ్చుకుని తగ్గించి పెట్టే వ్యాపారం మన చదువుల పుణ్యమా అని ఈ అడవి జిల్లాల దాకా వచ్చేసింది.

మొన్న మార్చిలో ఆ కొట్టు బల్ల మీద కూచుని నా కాగితాల కోసం చూస్తుంటే పక్కన తెలుగు వినిపించింది. బస్తర్‌లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. కోంటా, భోపాలపట్నం వైపు ఇళ్ళలో తెలుగే నడుస్తుంది, పిల్లలు బడిలో హిందీ చదువుకుంటారు. అయినా జగదల్‌పూర్ నడిబజారులో చెవిన పడితే మనసు అటే లాగుతుంది. ఒక అమ్మాయి, ఆమెకంటే ఏడాది చిన్నవాడు ఒక అబ్బాయి. ఆమె ఎమ్మే ముగించి నిరుడు లఘు ప్రబంధం ఇచ్చేసింది. అతను ఇప్పుడు ఇవ్వబోతున్నాడు. బైండింగుకి ఇచ్చే ముందు మర్యాదకి ఆమెకి చూపించినట్టున్నాడు. ఆమె ఇరవైమూడో పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఇది నాదిరా."

"నీ లైను ఒక్కటి కూడా లేదక్కా ఇందులో. అంతా నా సొంత మాటలే. సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశా, మొత్తం పుస్తకానికి నాలుగు శాతం వచ్చింది."

"లైను లేదు. సంత మొత్తం నాదే."

ఇద్దరూ రాసింది హిందీలో. ఆమె అనుమతితో, ఆ రెండు ముక్కలూ నా తెలుగులో చెబుతున్నాను. కోంటా రోడ్డు పక్కన ఒక సంతలో ఆరు వారాలు కూచుని ఆమె రాసుకున్నది ఇది: ఇక్కడి వ్యాపారి ధరలో మోసం చెయ్యడు, కొలతలో చేస్తాడు. ఇప్పపువ్వు కొనేటప్పుడు పాయిలీని గోపురంగా పోయించుకుంటాడు. ఉప్పు అమ్మేటప్పుడు అదే పాయిలీని అంచుకు సమంగా గీస్తాడు. ఆ గోపురమే అతని లాభం.

అతని పేజీలో ఉన్నది ఇది: వారపు అంగడిలో రేట్లు చూస్తే సక్రమంగానే తోస్తాయి. అటవీ ఉత్పత్తులు తీసుకునే వేళ పాత్ర పైకి పొంగేలా నింపిస్తారు. నిత్యావసరాలు ఇచ్చే వేళ పైభాగాన్ని చదును చేస్తారు. ఈ వ్యత్యాసం వర్తకుడికి మిగులుతుంది.

కుర్రవాడు అబద్ధమాడలేదు. రెండింటికీ కలిసే మాట వెతికినా దొరకదు. సంత అంగడైంది, ధర రేటైంది, లాభం మిగులైంది. కానీ వరస చూడండి. ముందు ధర బాగానే ఉందనడం, తరవాత కొనడం, తరవాత అమ్మడం, చివర లాభం ఎక్కడుందో తేల్చడం. నాలుగు మెట్లూ ఆమె కట్టినవే, అతను సున్నం వేశాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ధరను కాదు కొలతను చూడాలన్న ఆ చూపు ఆమెది. అది రావడానికి ఆమెకి ఆరు వారాలు పట్టింది. అతనికి ఒక సాయంత్రం పట్టింది.

అంతకంటే నాకు నవ్వు తెప్పించిన సంగతి ఇంకొకటి ఉంది. ఆమె ఉప్పు అని రాసింది. అతను ఉప్పు అనే మాటను తప్పించుకోవాలి గనక నిత్యావసరాలు అన్నాడు. నిత్యావసరాల్లో నూనె ఉంది, సబ్బు ఉంది, లుంగీ ఉంది. లుంగీని పాయిలీలో పోసి అంచు గీసే వ్యాపారి భూమ్మీద ఎక్కడున్నాడు? చూసి రాసినవాడి చేతికి ఉప్పు అంటుకుని ఉంటుంది. చూడకుండా మాటలు మార్చినవాడి దగ్గర నిత్యావసరాలు ఉంటాయి. దిద్దే అయ్యవార్లకు నా మనవి ఒక్కటే, శాతం కాగితం పక్కన పెట్టి ఇలాంటి వెడల్పాటి మాటల కోసం వెతకండి. వస్తువు పేరు ఉండాల్సిన చోట జాతి పేరు ఉందంటే అక్కడ ఎవరి ఉప్పో కరిగిపోయింది.

అబ్బాయి ఊరుకోలేదు. "రూలు చూడక్కా. పది శాతం దాకా శిక్షే లేదు. నాది నాలుగు."

రూలు నాకూ తెలుసు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలవి. పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది నుంచి నలభై అయితే ఆరు నెలల్లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు మళ్ళీ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందరికీ తెలిసిన సంగతో, కాకతాళీయంగా కలిసిన మాటలో అయితే వరసగా పద్నాలుగు మాటల దాకా లెక్కలోకి రావు. ఇవన్నీ పిల్లలకు కంఠతా వచ్చు. అదే నిబంధనల మొదట్లో గ్రంథచౌర్యం అంటే ఏమిటో రాసిన వాక్యం మాత్రం ఎవరికీ రాదు. ఇతరుల పనిని గానీ ఆలోచనను గానీ తీసుకుని తనదిగా చెలామణీ చెయ్యడం అని అక్కడుంది. ఆలోచన అనే మాట అందులో ఉంది బాబూ! ఆలోచనకి శాతం కట్టే యంత్రం ఏ కొట్లో ఉందో చూపించండి.

దొంగతనం అంటే ఏమిటో సరిగ్గానే నిర్వచించి, దొంగను పట్టే పని మాత్రం మాటలు తప్ప మరేమీ లెక్కపెట్టలేని యంత్రానికి అప్పగించారు. పైగా ఆ యంత్రం చూపేది పోలికనే గాని దొంగతనాన్ని కాదు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పేరు చెప్పి, నిజాయితీగా ఎత్తి రాసిన పేరాకి అదే సాఫ్ట్‌వేర్ రంగు పూస్తుంది. ఆ మినహాయింపు ఇవ్వాల్సింది మనిషి. మన దగ్గర ఆ మనిషి చివరి పేజీలో అంకె చూసి సంతకం పెట్టేస్తాడు. దాంతో జరుగుతున్నదేమిటంటే, ఒకరి వాక్యాన్ని గౌరవంగా ఉటంకించిన పిల్ల భయపడుతోంది, ఆ వాక్యాన్ని ముక్కలు కోసి పర్యాయపదాల్లో ఉడికించినవాడు నిశ్చింతగా గోల్డెన్ బైండింగు చేయించుకుంటున్నాడు. అద్దం మీది మూడో లైను బతుకుతున్నది ఈ ఏర్పాటు మీదే.

అబ్బాయి దగ్గర రెండో బాణం ఉంది. చదువుకున్నవాడే. "ఆలోచనకి కాపీరైటు లేదని సుప్రీంకోర్టే చెప్పింది గదా."

అవును, 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. ఆనంద్ రాసిన నాటకం ‘హమ్ హిందుస్తానీ’. దాన్నే ‘న్యూ ఢిల్లీ’ అనే సినిమాగా తీసేశారని ఆయన దావా వేశాడు. ప్రాంతీయాభిమానం అనే ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు లేదని, చెప్పిన తీరుకే రక్షణ ఉంటుందని, ఆ తీరు వేరుగా ఉందని కోర్టు తేల్చింది. ఆనంద్ ఓడిపోయాడు. బాగానే ఉంది. ఆ కోర్టు ముందున్న ప్రశ్న సినిమా ఆడొచ్చా ఆడకూడదా అని. పరిశోధన చేసినవాణ్ణి అడిగే ప్రశ్న వేరు, ఇది నీకెలా తెలిసిందిరా అని. మొదటి ప్రశ్నకి ఆలోచన అందరిదీ అన్న జవాబు చాలు. రెండోదానికి ఆ జవాబు చెబితే ఏ తెలివితక్కువ గైడయినా చెవి మెలిపెడతాడు. ఆలోచనను వాడుకోవద్దని ఆ అమ్మాయి అన్నదా? వాడుకో, తిరగెయ్యి, తప్పని నిరూపించు. ఎక్కడినుంచి తెచ్చావో చెప్పు, అంతే.

"మరి కవిత్రయం వ్యాసుణ్ణి తిరగరాయలేదా?" అన్నాడు ఈసారి, నా వైపు కూడా ఒక చూపు విసిరి. ముసలాయన తెలుగువాడని పసిగట్టేశాడు.

రాశారు. పేరు చెప్పి రాశారు. వ్యాసుడికి ఏ కాపీరైటు ఆఫీసులోనూ రిజిస్ట్రేషన్ లేదు. దావా వేస్తాడన్న భయమూ లేదు. అయినా నన్నయ తన భారతం మొదట్లోనే ఇది వ్యాసుడిదని చెప్పాడు. అక్కడితో ఆగకుండా రాయడంలో తోడుపడిన నారాయణభట్టును పేరు పెట్టి తలచుకున్నాడు. శ్రీనాథుడు నైషధాన్ని తెలుగు చేస్తూ శ్రీహర్షుణ్ణి దాచెయ్యలేదు. మాటలు నూటికి నూరుపాళ్ళు మార్చినవాళ్ళు వీళ్ళు. భాషే మారిపోయింది! ఈ కాలపు సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నన్నయకి సున్నా శాతం వస్తుంది. ఆ సున్నాని పట్టుకుని ఆయన భారతం నాదేనని చాటుకోలేదు.

మాట వేరు, అర్థం వేరు అని తెలుసుకోవడానికి మనకు 2018 దాకా ఆగాల్సిన పని కూడా లేదు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ఒక కావ్యానికీ మరో కావ్యానికీ ఉండే పోలికను మూడు రకాలుగా చూశాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది ఒకటి, బొమ్మ గీసినట్టుండేది ఒకటి, ఇద్దరు మనుషులు ఒకే పోలికలో ఉండేది ఒకటి. మొదటి రెండూ వదిలెయ్యాలన్నాడు. మూడోదానికి ప్రాణం వేరే ఉంటుంది గనక ఒప్పుకున్నాడు. తరవాతి శతాబ్దంలో రాజశేఖరుడు ఇంకో అడుగు వేసి మాటను ఎత్తుకోవడం, అర్థాన్ని ఎత్తుకోవడం అని రెండుగా విడదీసి, దేనికి దానికి తరగతులు కట్టాడు. వాళ్ళు మాట్లాడింది కవిత్వం గురించే గాని ఎమ్మే ప్రబంధాల గురించి కాదు, నిజమే. కానీ ఇరవైమూడో పేజీని ఆనందవర్ధనుడి ముందు పెడితే ఎక్కడ కూచోబెడతాడు? బొమ్మ దగ్గర. రంగులు వేరు, మనిషి మాత్రం ఆవిడే.

ఇంతదూరం పోవడమెందుకు, జగదల్‌పూర్‌నుంచి నూరు కిలోమీటర్లు లేని దంతెవాడలో దంతేశ్వరి గుడి ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పడిపోయాక ఇటొచ్చి రాజ్యం పెట్టాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంది. ఆ వంశంలో దిక్పాలదేవుడి కాలంలో, 1703 నాటివి, అక్కడ రెండు శాసనాలున్నాయి. ఒకటి సంస్కృతంలో ప్రశస్తి. రెండోది దాన్నే జనభాషలో చెప్పింది. ఛత్తీస్‌గఢీకి దొరికిన పాత రాతల్లో దాన్ని ముందు చెబుతారు. ఆ రెండో రాయి మొదలుపెట్టడమే ఏమని మొదలుపెడుతుందంటే, దేవభాషలో రాసిన ప్రశస్తి వేరే రాతి మీద ఉంది, కలికాలంలో సంస్కృతం చదవగలవాళ్ళు తక్కువవుతారు గనక ఈ రాతి మీద భాషలో రాస్తున్నాం అని. చూశారా? మూలం ఎక్కడుందో చెప్పింది. తానెందుకు మాట మార్చిందో చెప్పింది. పక్కనే మూలం నిలబడి ఉన్నా చెప్పింది. సొంత మాటల్లో చెప్పడం ఎలాగో బస్తర్ రాళ్ళకు మూడు వందల ఏళ్ళ కిందటే తెలుసు. బస్తర్ జిరాక్స్ కొట్లకు ఇంకా తెలియలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అన్నిటికీ పేరు చెప్పమనడం కూడా పిచ్చే. జగదల్‌పూర్ ఇంద్రావతి ఒడ్డున ఉంది, బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజులు సాగుతుంది అని రాయడానికి ఎవరికీ రుణపడక్కర్లేదు. నలుగురినీ అడిగితే నలుగురూ చెప్పేది ఊరుమ్మడి సొత్తు. చిక్కల్లా ఊరుమ్మడిలా కనిపించే సొంత సొత్తుతోనే. ‘బైసన్ హార్న్ మారియా’ అన్న పేరు చూడండి. దండామి మారియాలను నాట్యంలో తలకు పెట్టుకునే అడవిదున్న కొమ్ములను బట్టి అలా పిలవడం గ్రిగ్సన్ అనే ఆంగ్లేయ అధికారి మొదలుపెట్టాడు, 1938లో అచ్చయిన తన పుస్తకంతో అది స్థిరపడింది. ఇప్పుడు ప్రతి పర్యాటక కరపత్రమూ ఆ పేరును ఆ జనం పుట్టుకతో తెచ్చుకున్నట్టు వాడుతుంది. పేరు పెట్టినవాడు మాయమైతే ఏం నష్టమంటారా? ఆ పేరు బయటివాడు పెట్టిందన్న సంగతి కూడా మాయమవుతుంది. మూలం చెరిపితే ఒకరి గొప్పే గాక ప్రశ్న అడిగే వీలు కూడా పోతుంది.

అమ్మాయి మాత్రం నాలాగా శాసనాల దాకా పోలేదు. పెన్ను తీసింది.

"రెండు బాకీలున్నాయిరా. మాట బాకీ, ఆలోచన బాకీ. నా మాటలు వాడితే కొటేషన్ గుర్తులు పెట్టాలి. నువ్వు మాటలు మార్చావు, ఆ బాకీ లేదు, ఒప్పుకుంటా. రెండో బాకీ అట్లనే ఉంది. పేరు రాస్తేనే అది తీరుతుంది."

"పేరా చివర బ్రాకెట్లో నీ పేరు పెట్టేస్తా, సరేనా?"

"చివర్న పెడితే ఆ ఒక్క వాక్యమే నాదనుకుంటరు. ముందే పెట్టు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది తెలవాలె. నా మాట అయిపోయినంక నీది చెప్పు."

"నాదేముంది చెప్పడానికి?"

అక్కడ పడింది అసలు ముడి. "మీ ఊరి సంతల పాయిలీ ఉన్నదా ఇంకా?" అని అడిగిందామె. లేదన్నాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చేసిందట. మరి అక్కడ గోపురం లేదు గదా, వ్యాపారికి లాభమెట్లా? అబ్బాయి కాసేపు బుర్ర గోక్కున్నాడు. కాటా సరిగ్గానే చూపిస్తుందక్కా, కానీ పువ్వు తడిగా ఉందని కిలోకింతని కోస్తాడు, తడి ఎంతో చూసే మిషనేం లేదు, వేలితో నలిపి చెప్పేస్తాడు అన్నాడు.

నేను బల్ల మీదనుంచి లేచి నిలబడ్డంత పని చేశాను. ఇదిగో ఇదీ వీడి సొంతం! వీడి ఊరి సంత, వీడి కళ్ళు, ఎవరూ రాయని సంగతి. గోపురం కాటాతో పోలేదు, తేమ కోతలోకి దిగింది. ఇది ఇరవైమూడో పేజీలో లేదు, అసలు పుస్తకంలోనే లేదు. ఎందుకు లేదు? అక్క పేరాను తనదని నమ్మించడానికి సగం పేజీ ఖర్చయింది గనక. ఆమె పేరు ముందు రాసి ఉంటే, ఆమె ఎక్కడ ఆగిందో కనపడేది. ఆగిన చోట తన అడుగు పడేది. పేరు దాచినవాడు ఎదుటివాణ్ణి దోచాడనే అంటాం. వీడు తన సంతనే దోచుకున్నాడు.

ఆమె కాగితం మీద హిందీలో గబగబా రాసి ఇచ్చింది. కోంటా రోడ్డు సంతలో వ్యాపారి లాభం ధరలో కాక కొలతలో ఉందని ఫలానావారు గమనించారు, ఆ ఏడాది, ఆ పేజీ. పాయిలీని గోపురంగా నింపి కొని, ఉప్పును అంచుకు గీసి అమ్మడం ఆమె చూపిన ఆధారం. కాటా వచ్చిన మా ఊరి సంతలో ఆ తేడా తేమ కోత రూపంలో కనిపించింది. నాలుగు లైన్లు. ఉప్పు మళ్ళీ ఉప్పయింది.

గెలిచిన సంతోషం ఆమె ముఖంలో కనిపించింది గాని ఎంతోసేపు నిలవలేదు. కుర్రవాడు ఆ కాగితం చదువుకుంటూ నెమ్మదిగా అన్నాడు, "గోపురం సంగతి నీకెవరు చెప్పారక్కా?"

"నేనే చూసిన."

"మొదటి వారమే చూశావా?"

ఆమె వెంటనే జవాబివ్వలేదు. మూడో వారంలోనట, ఇప్పపువ్వు తెచ్చిన ఒక డోర్లా ముసలమ్మ, నువ్వు రేట్లు రాసుకుంటున్నావు గాని వాడి చెయ్యి చూడవేం పిల్లా అని నవ్విందట. అప్పట్నుంచి చెయ్యి చూడ్డం మొదలుపెట్టింది.

"మరి ఆమెది కూడా ఆలోచనే గదా? నువ్వు నీ మాటల్లో రాశావు. ఆమె పేరేది?"

నేను ఇందాకటినుంచి మోగిస్తున్న డప్పు నా చేతిలోనే పగిలినట్టయింది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ ముసలమ్మ మాట దొరకదు. ఆమె రాయలేదు, అచ్చు కాలేదు, డేటాబేసులో లేదు. ఆమెతో పోలిక ఎప్పటికీ సున్నా శాతమే. బస్తర్ మీద పుస్తకాలు వెలిసి వందేళ్ళవుతోంది, వాటిలో ఎన్ని ఇలా సంతల్లో, వాకిళ్ళలో, నిప్పుల పక్కన విన్న మాటల సొంత మాటలో! చివర కృతజ్ఞతల్లో గ్రామస్థులందరికీ అని ఒక లైను పడేస్తారు. గ్రామస్థులందరూ అంటే నిత్యావసరాలు అన్నట్టే.

"పేర్లు రాస్తే వాళ్ళకి ఇబ్బందని రాయలేదురా, ఇక్కడి సంగతి తెలుసు గదా" అంది. అందులో నిజముంది. ఈ జిల్లాల్లో ఎవరు ఎవరితో ఏం చెప్పారో కాగితం మీదకెక్కడం ఆటలు కాదు. కానీ పేరు రాయకుండా కూడా మనిషిని చూపొచ్చు. ఇప్పపువ్వు అమ్మే ఒక డోర్లా వృద్ధురాలు కొలిచే చేతిని చూడమని చెప్పింది, మూడో వారంలో, అని రాస్తే ఎవరికీ ప్రమాదం లేదు, ఎవరి సొమ్మో మాత్రం తెలుస్తుంది. ఆ మాట నేనే అన్నాను, ఉండబట్టలేక. ఆమె నా వంక చూసి తలూపింది.

కొట్టువాడిని పావు కాగితం అడిగింది. లైబ్రరీలో ఉన్న తన ప్రతిలో అతికిస్తుందట. రెండు లైన్లు రాసి, పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"రాయకపోతే రాయకపోయిన" అంది కాసేపటికి, "ఆమె పేరేందో అడగనే లేదురా నేను."

అబ్బాయి తన నాలుగు పేజీలు మళ్ళీ ప్రింటు తియ్యమని ఇచ్చాడు. కొట్టువాడు ఆ పేజీల మీది రాతలు చూసి, కావాలంటే శాతం ఇంకా తగ్గిస్తానన్నాడు.